క్లింకర్ నిల్వను సర్దిన తరువాతే టన్ను ఖర్చు

విశాఖపట్నంలో సిమెంటు ఖాతాలు చూసే మిత్రులు సున్నపురాయి, బొగ్గు, కొలిమి విద్యుత్తు ఖర్చులను ముందుగా క్లింకర్‌పై లెక్కించి, నిల్వను సర్దిన తరువాతే సిమెంటుకు మళ్లించడం మంచిది. ఉదాహరణకు, ఒక నెలలో 10,000 టన్నుల క్లింకర్‌కు 300 లక్షల రూపాయలు ఖర్చయి, ప్రారంభ నిల్వ 2,000 టన్నులు 56 లక్షల విలువతోను, ముగింపు నిల్వ 4,000 టన్నులు 120 లక్షల విలువతోను ఉంటే, మిల్లుకు వెళ్లిన 8,000 టన్నుల ఖరీదు 236 లక్షలే అవుతుంది. దానితో 10,000 టన్నుల సిమెంటు తయారైతే టన్నుకు 2,360 రూపాయలు పడుతుంది. సర్దుబాటు మరచినవారికి 3,000 కనిపిస్తుంది. జిప్సం, ఫ్లైయాష్, మిల్లు విద్యుత్తు ఆ పైన కలుస్తాయి. సంచుల ఖర్చును మాత్రం సైలోలో మిగిలిన సిమెంటుపై వేయకుండా, సంచుల్లో నింపిన టన్నులకే, యాభై కిలోల సంచులు టన్నుకు 20 చొప్పున, చూపాలి.