ఎగ్జామ్‌లో ఆల్కీన్ ఆక్సిడేషన్ ప్రశ్న ముట్టుకునే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

ఆర్గానిక్ పేపర్ దగ్గర పడుతోంది కదా, ఈ టాపిక్‌లో మార్కులు పోయేది రియాక్షన్ రాక కాదు, బొమ్మ తప్పుగా గీయడం వల్లే ఎక్కువ. పెన్ను పెట్టే ముందు ఒక్కటి తేల్చుకోండి, రియేజెంట్ డబుల్ బాండ్‌ని పూర్తిగా తెంచేస్తుందా లేక పై బాండ్ మాత్రమే తీసి సిగ్మా బాండ్ వదిలేస్తుందా. ఓజోన్ అయితే రెండూ పోతాయి, OsO4 అయితే పై ఒక్కటే పోతుంది. KMnO4 దగ్గర మాత్రం కంగారు పడొద్దు, చల్లగా, పల్చగా, ఆల్కలైన్‌గా ఉంటే డయోల్, వేడిగా గాఢంగా ఉంటే తెగిపోవడం, అందుకే యారో కింద రాసిన కండిషన్ చదవకుండా ఆన్సర్ మొదలెట్టకండి.

ముందు ఓజోనోలిసిస్ సంగతి. 1-మిథైల్‌సైక్లోహెక్సీన్ ఇచ్చారనుకోండి. రింగ్ లోపలి డబుల్ బాండ్ తెగితే రెండు ముక్కలు రావు, రింగ్ తెరుచుకుని ఒకటే పొడుగు చైన్ వస్తుంది. చాలామంది తెరిచిన చైన్ గీసేటప్పుడు ఒక CH2 మింగేస్తారు, అందుకే ముందు కార్బన్లకి నంబర్లు వేసుకోండి: మిథైల్ ఉన్న కార్బన్ కీటోన్ అవుతుంది, పక్కన హైడ్రోజన్ ఉన్న కార్బన్ ఆల్డిహైడ్ అవుతుంది, మధ్యలో నాలుగు CH2లు అలాగే ఉంటాయి, మిథైల్‌తో కలిపి మొత్తం 7 కార్బన్లు, పేరు 6-ఆక్సోహెప్టనాల్. మొదట్లో 7 ఉంటే చివర్లో కూడా 7 ఉండాల్సిందే, లేదంటే ఎక్కడో కార్బన్ పోయినట్టే. ఇది జింక్ లేదా డైమిథైల్ సల్ఫైడ్ లాంటి రిడక్టివ్ వర్కప్‌తో వచ్చే ఆన్సర్. అదే H2O2 ఉంటే ఆల్డిహైడ్ చివర యాసిడ్ అవుతుంది, కీటోన్ మాత్రం కదలదు, 6-ఆక్సోహెప్టనోయిక్ యాసిడ్ వస్తుంది. వర్కప్ లైన్ చూడకపోతే సగం మార్కులు గల్లంతు.

ఇంకో మాట, ఓజోనోలిసిస్‌లో డబుల్ బాండ్ సిస్సా ట్రాన్సా అన్న సమాచారం పోతుంది. 2-బ్యూటీన్ ఏ రకం ఇచ్చినా వచ్చేది రెండు అసిటాల్డిహైడ్లే. కాబట్టి ముక్కలు ఇచ్చి ఆల్కీన్ ఏంటని అడిగితే, ఆ ముక్కలని బట్టే సిస్ అని తేల్చేయకండి.

అసలు ప్రమాదం డయోల్ దగ్గరే ఉంది. OsO4 రెండు OHలనీ ఒకే వైపు నుంచి పెడుతుంది, అది సిన్. ఎంసీపీబీఏతో ఎపాక్సైడ్ చేసి యాసిడ్ నీళ్ళతో తెరిస్తే నీళ్ళు వెనక నుంచి వచ్చి కొడతాయి, అది యాంటీ. ఇంతవరకు అందరికీ వచ్చు. తర్వాత "సిన్ అంటే రెండు OHలూ వెడ్జ్" అని జిగ్‌జాగ్ చైన్ మీద గీసేస్తారు, అక్కడే దెబ్బ. ట్రాన్స్-2-బ్యూటీన్ చైన్ ముందే జిగ్‌జాగ్‌గా ఉంటుంది కాబట్టి దానికి రెండూ వెడ్జ్ కరెక్టే, వచ్చేది (2R,3R), (2S,3S) జంట, రేసిమిక్. సిస్‌కి అలా కాదు, అందులో రెండు మిథైల్స్ ఒకే పక్కన ఉంటాయి, OHలు పెట్టాక చైన్ U ఆకారంలో ఉంటుంది, దాన్ని జిగ్‌జాగ్ చేయాలంటే మధ్య బాండ్ చుట్టూ ఒక కార్బన్‌ని 180 డిగ్రీలు తిప్పాలి, తిప్పితే ఆ కార్బన్ మీద OH వెడ్జ్ నుంచి డ్యాష్‌కి పోతుంది, అంటే ఒకటి వెడ్జ్ ఒకటి డ్యాష్, అదే (2R,3S) మీసో. కాబట్టి ముందు U ఆకారంలోనే గీసి, ఆ తర్వాతే తిప్పండి, మనసులో తిప్పేసి డైరెక్టుగా రాయకండి.

యాంటీ అయితే ఇదంతా తలకిందులు, ట్రాన్స్ నుంచి మీసో, సిస్ నుంచి రేసిమిక్. నాలుగూ బట్టీ పట్టక్కర్లేదు, ఒక్కటి గీసి తేల్చుకుంటే చాలు, ఆల్కీన్ మారినా రియేజెంట్ మారినా ఆన్సర్ తిరగబడుతుంది, రెండూ మారితే మళ్ళీ మొదటికే వస్తుంది. కానీ ఈ షార్ట్‌కట్ రెండు వైపులా ఒకేలాంటి గ్రూపులు ఉన్నప్పుడే. 2-పెంటీన్ ఇస్తే మీసో అన్న మాటే రాదు, ఏది వాడినా రేసిమిక్కే, సిస్, ట్రాన్స్ బట్టి ఏ డయాస్టీరియోమర్ అన్నదే మారుతుంది.

రింగ్ ఉంటే మాత్రం హాయి, తిప్పడానికి వీల్లేదు కాబట్టి సైక్లోహెక్సీన్‌కి OsO4 ఇస్తే సిస్ డయోల్ (మీసో), ఎపాక్సైడ్ దారిలో ట్రాన్స్ డయోల్ (రేసిమిక్). ట్రాన్స్‌కి ఒక్క ఎనాన్షియోమర్ మాత్రమే గీస్తే, పక్కన రెండోది కూడా గీయండి లేదా రేసిమిక్ అని రాయండి.