డ్రైవింగ్ టెస్ట్ స్లాట్‌కి లీవ్ అడిగితే "ప్రూఫ్ ఏది?" అంటున్నారా? సమస్య - పరిష్కారం

సమస్య: లీవ్ మెయిల్ పెట్టారు, పీడీఎఫ్ కూడా అటాచ్ చేశారు, అయినా మేనేజర్ మళ్ళీ ప్రూఫ్ పంపమంటున్నారు.

కారణం: చాలాసార్లు మనం పంపేది ఫీజు రసీదో, అప్లికేషన్ అందినట్టు వచ్చిన కాగితమో అయి ఉంటుంది. అందులో డబ్బు ఎప్పుడు కట్టారో ఉంటుంది గానీ టెస్ట్ ఏ రోజో ఉండదు, మరి ఆ రోజుకి లీవ్ ఎందుకు ఇవ్వాలో వాళ్ళకెలా తెలుస్తుంది? ఇంకొందరు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి తేదీ ఉన్న ముక్క ఒక్కటే కట్ చేసి పంపుతారు, పేరు ఎగిరిపోతుంది, ఆ స్లాట్ ఎవరిదో అర్థం కాదు.

పరిష్కారం: స్లాట్ బుక్ అయ్యాక వచ్చే కన్ఫర్మేషన్ స్లిప్‌నే డౌన్‌లోడ్ చేయండి. పేరు, తేదీ, టైమ్, టెస్ట్ సెంటర్ ఈ నాలుగూ కనపడాలి. పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ మాత్రం కనపడకుండా చేసి పంపండి, లీవ్‌కి వాటితో పనిలేదు, పైగా ఆ మెయిల్ హెచ్ఆర్‌కి, ఇంకెవరికో ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.

సమస్య: "వేరే రోజు పెట్టుకోవచ్చు కదా?" అని రిప్లై.

కారణం: మెయిల్‌లో "లైసెన్స్ పని ఉంది" అని మాత్రమే రాశారు. అలా రాస్తే ఎప్పుడైనా చేసుకునే పనిలా కనిపిస్తుంది.

పరిష్కారం: మెయిల్ పెట్టే ముందే బుకింగ్ పేజీలో తర్వాతి ఖాళీ స్లాట్ ఎప్పుడుందో చూసి, చూసింది చూసినట్టు రాయండి. ఉదాహరణకి ఇలా:

సబ్జెక్ట్: 18వ తేదీ బుధవారం లీవ్ - డ్రైవింగ్ టెస్ట్ స్లాట్

"సర్, 18వ తేదీ బుధవారం ఉదయం 10:30కి నాకు డ్రైవింగ్ టెస్ట్ స్లాట్ కన్ఫర్మ్ అయింది, స్లిప్ అటాచ్ చేశాను. మార్చుకుందామని చూస్తే తర్వాతి ఖాళీ వచ్చే నెల 9న ఉంది. టెస్ట్ ఎప్పటికి అయిపోతుందో చెప్పలేను కాబట్టి ఫుల్ డే లీవ్ అడుగుతున్నాను. బుధవారం ఇవ్వాల్సిన రిపోర్ట్ మంగళవారం సాయంత్రమే పంపేస్తాను."

హాఫ్ డే చాలు అనిపించినా ఒకసారి ఆలోచించండి. స్లిప్‌లో ఉన్న టైమ్‌కి మనం అక్కడ ఉండాలి అంతే, ఆ టైమ్‌కే టెస్ట్ మొదలైపోతుందని కాదు, డాక్యుమెంట్లు చూడటం, క్యూ అన్నీ అయ్యాకే బండి ఎక్కేది. మధ్యాహ్నానికి వస్తానని మాటిచ్చి రాలేకపోతే ఇబ్బంది మీకే.

సమస్య: లీవ్ అప్రూవ్ అయ్యాక స్లాట్ తేదీ మారింది.

పరిష్కారం: కొత్త మెయిల్ మొదలుపెట్టకండి, అదే మెయిల్‌కి రిప్లైగా కొత్త స్లిప్ పెట్టి, పాత తేదీ లీవ్ క్యాన్సిల్ చేయమని, కొత్త తేదీకి ఇవ్వమని రెండూ రాయండి. లీవ్ పోర్టల్ ఉంటే అక్కడ కూడా పాతది మీరే తీసేయాలి, లేకపోతే రెండు రోజులూ కట్ అయ్యే ఛాన్స్ ఉంది.