ఉన్నట్టుండి ఆయాసం: పైకి ఆలోచిస్తూ క్లినికల్ రీజనింగ్ నేర్పడం ఎలా?

"మేడమ్, ఏడో బెడ్ పెద్దమ్మకు ఆయాసం వస్తోంది" అంటూ నర్సింగ్ స్టూడెంట్ పరుగెత్తుకొచ్చింది. మీరు వెళ్లి పేషెంటును లేపి కూర్చోబెట్టారు, ఆక్సిజన్ పెట్టారు, కాళ్ల మీది దుప్పటి తీసి చూశారు, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశారు. ఇదంతా స్టూడెంట్ పక్కనే నిలబడి చూసింది. కానీ ఆయాసం వస్తే దుప్పటి ఎందుకు తీశారో ఆమెకు తెలియదు. మీ చేతులు ఏం చేశాయో కనిపించింది గానీ తలలో ఏం నడిచిందో కనిపించలేదు. దాన్ని వినిపించడానికే పైకి ఆలోచించే పద్ధతి.

ఈ ఆలోచనకు ఒక దారి చూపించే చక్రాన్ని ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ట్రేసీ లెవెట్-జోన్స్, ఆమె సహచరులు నర్సింగ్ విద్యార్థుల కోసం తయారుచేసి 2010లో వివరించారు. అందులో ఎనిమిది మెట్లు ఉన్నాయి: పేషెంటు పరిస్థితి చూడడం, ఆధారాలు సేకరించడం, వాటిని అర్థం చేసుకోవడం, సమస్య ఏమిటో తేల్చడం, లక్ష్యం పెట్టుకోవడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడడం, చివరికి మన ఆలోచనను మనమే వెనక్కి తిరిగి చూసుకోవడం. బోర్డు మీద రాసి చెబితే పది నిమిషాల్లో అయిపోతుంది, పరీక్షలో కూడా రాసేస్తారు. వార్డులో మాత్రం పనికిరాదు. అందుకే ఒక్క కేసు పట్టుకుని నలభై నిమిషాలు దానిలోనే ఉండండి.

ముందుగా కార్డులు తయారుచేయండి

కేసు ఇది. 62 ఏళ్ల ఆవిడ, కుడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయి ఐదో రోజు. బీపీకి మాత్రలు వాడుతోంది, ఆస్తమా గానీ పొగ అలవాటు గానీ లేవు. బాత్రూమ్‌కు వెళ్లి వచ్చి మంచం మీద కూర్చోగానే ఆయాసం మొదలైంది.

మిగతా వివరాలన్నీ విడివిడిగా కార్డుల మీద రాయాలి. పల్స్ 118, శ్వాస నిమిషానికి 30, గది గాలిలో సాచురేషన్ 88, బీపీ 104/70, జ్వరం 99. ఇంకో కార్డు మీద పొద్దుటి బీపీ 146/88. స్టెతస్కోపుతో వింటే రెండు వైపులా ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ పిక్క చుట్టుకొలత 36 సెంటీమీటర్లు, కుడిది 32. రక్తం గడ్డ కట్టకుండా రోజూ ఇవ్వాల్సిన ఎనాక్సపారిన్ 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌కు డ్రగ్ చార్టులో మూడో రోజు, నాలుగో రోజు గళ్లు ఖాళీగా ఉన్నాయి.

ఈ కార్డులు మీ దగ్గర ఉంచుకోవద్దు. సహోద్యోగికి ఇచ్చి, నేను అడిగినది మాత్రమే చూపించు, అడగనిది చెప్పకు అనండి. వీలైతే కేసు కూడా ఆమెనే కూర్చమనండి. జవాబు ముందే తెలిసిన మనిషి పైకి ఆలోచించినప్పుడు అది ఆలోచన కాదు, పాఠం అప్పజెప్పడం. స్టూడెంట్లు ఆ తేడా వెంటనే పసిగడతారు. మీకు నిజంగానే తెలియకపోతే గొంతులో తటపటాయింపు దానంతట అదే వస్తుంది. వాళ్లు వినాల్సింది దాన్నే.

మొదటి రెండు మెట్లు: చూస్తూ మాట్లాడడం

మొదలుపెట్టేటప్పుడు ఒక్క నియమం చెప్పండి: "నేను మాట్లాడుతున్నప్పుడు ప్రశ్నలు వద్దు. నేను ఆగినప్పుడు మీరేమనుకుంటున్నారో కాగితం మీద రాయండి." తరవాత మొదలుపెట్టండి.

"ఐదో రోజు. తుంటి ఆపరేషన్. మంచం మీదే ఎక్కువసేపు ఉండి ఉంటుంది. ఉన్నట్టుండి వచ్చింది అన్నారు, నెమ్మదిగా పెరిగింది కాదు. ఆ 'ఉన్నట్టుండి' అనే మాట నన్ను ఆపుతోంది. శ్వాస ఎంతుందో చెప్పండి. 30. సాచురేషన్? 88. ఇక ఆగను, ముందు కూర్చోబెట్టి ఆక్సిజన్ పెడతాను. మిగతాది ఆక్సిజన్ పెట్టాక ఆలోచిస్తాను."

ఇక్కడ ఒక్క క్షణం పాత్ర నుంచి బయటికి వచ్చి చెప్పాల్సిన సంగతి ఉంది. చక్రంలో చర్య ఆరో మెట్టు, మీరు రెండో మెట్టులోనే ఆక్సిజన్ పెట్టారు. చక్రాన్ని వరసగా బట్టీ పట్టిన స్టూడెంట్లు "ఇంకా సమస్య తేల్చలేదు కదా" అని ఆగిపోతారు. ప్రాణానికి ముప్పు ఉన్న ఆధారం కనిపిస్తే చర్య ముందుకు వస్తుంది, ఆ తరవాత చక్రం మళ్లీ తిరుగుతుంది.

శ్వాస లెక్క దగ్గర కూడా కాస్త ఆగండి. మన వార్డుల్లో చార్టు తిరగేస్తే ఎంతోమంది పేషెంట్లకు శ్వాస 20 అనే ఉంటుంది, లెక్కపెట్టకుండానే. పేషెంటు పరిస్థితి దిగజారుతోందని చాలాసార్లు అన్నిటికంటే ముందు చెప్పేది ఆ అంకే. గడియారం చూస్తూ పూర్తి నిమిషం ఛాతీని చూసి లెక్కపెట్టండి. స్టూడెంట్ల చేత అక్కడికక్కడే పక్కవాళ్ల శ్వాస లెక్కపెట్టించండి. మనం లెక్కపెడుతున్నామని తెలిస్తే అవతలివాళ్ల శ్వాస మారుతుందని కూడా తెలుస్తుంది. అందుకే వార్డులో పల్స్ చూస్తున్నట్టు చేయి పట్టుకునే శ్వాస లెక్కపెడతాం.

మూడో మెట్టు: అసలు పాఠం ఇక్కడే

ఇప్పుడు బీపీ అడగండి. 104/70. ఆగి, స్టూడెంట్లను రాయమనండి. చాలామంది "నార్మల్" అని రాస్తారు. అప్పుడు మళ్లీ పైకి ఆలోచించండి.

"104 చూడగానే పరవాలేదు అనిపించింది. కానీ ఈవిడ బీపీ పేషెంటు. ఈవిడకు మామూలుగా ఎంత ఉంటుంది? పొద్దుటిది చూపించండి. 146. అంటే 42 తగ్గింది. వేరే వాళ్లకు నార్మల్ కావచ్చు, ఈవిడకు కాదు."

ఇది పాఠం మొత్తంలో విలువైన క్షణం. ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడే పల్మనరీ ఎంబాలిజంలో పై బీపీ 90 కంటే తగ్గినా, మామూలు కంటే 40 లేదా అంతకు మించి పడిపోయి పావుగంట దాటినా, దానికి రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం లేకపోతే, ముప్పు ఎక్కువని లెక్క. 104ను ఒంటరిగా చూసినవాళ్లకు అది కనిపించదు.

తరవాత మీ తప్పు దారులు కూడా వినిపించండి. "అటెండెంట్ అంటోంది, రాత్రి నుంచి టెన్షన్ పడుతోంది, అందుకేనేమో అని. టెన్షన్‌తో శ్వాస పెరుగుతుంది, పల్స్ పెరుగుతుంది. కానీ సాచురేషన్ 88కి పడిపోదు. ఈ ఆలోచన వదిలేస్తున్నా. నెబ్యులైజర్ పెడదామా? పిల్లికూతలు లేవు, ఆస్తమా లేదు. గుండె అలిసి నీరు చేరిందా? ఊపిరితిత్తుల్లో చప్పుళ్లు లేవు, కాబట్టి కిందికి పోయింది. న్యుమోనియా? జ్వరం 99, దగ్గు లేదు, పైగా ఉన్నట్టుండి రాదు. గుండెపోటు? దాన్ని వదలలేను, ఈసీజీ కావాలి. లోపల రక్తం పోతోందా? డ్రెస్సింగ్ చూస్తా, కనురెప్ప కింద పాలిపోయిందేమో చూస్తా, హిమోగ్లోబిన్ పంపిస్తా. రక్తం పోతే బీపీ తగ్గడం కుదురుతుంది, సాచురేషన్ తగ్గడం అంతగా కుదరదు."

వదిలేసిన ప్రతి ఆలోచనకూ కారణం చెప్పడం మరిచిపోకండి. ఇది చెప్పకపోతే స్టూడెంట్లకు మీరు మొదటి చూపులోనే కనిపెట్టారనిపిస్తుంది.

ఇక దుప్పటి. "కాళ్లు చూస్తా. ఒక పిక్క లావుగా ఉంది. టేపు ఇవ్వండి." మోకాలి చిప్ప కింద తగిలే ఎముక గుబ్బ నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి గుర్తుపెట్టి, రెండు కాళ్లకూ సరిగ్గా అక్కడే చుట్టుకొలత తీయాలి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే లోతు సిరలో గడ్డ ఉందేమోనని అనుమానించాలి. ఇక్కడ తేడా 4. "ఆపరేషన్ అయిన కాలు వాచడం మామూలే కదా" అని ఎవరో ఒకరు రాస్తారు, రాయాలి కూడా. అప్పుడు అడగండి: ఆపరేషన్ ఏ కాలికి? కుడికి. వాచింది ఎడమ.

చివరికి డ్రగ్ చార్టు. ఖాళీ గళ్లు రెండు చూపించి, ఇంజెక్షన్ ఇచ్చి రాయలేదా, అసలు ఇవ్వలేదా అన్నది అడిగి తెలుసుకోవాలని చెప్పండి. ఊహించి రాయకూడదు.

సమస్య, లక్ష్యం, ఫోన్ కాల్

సమస్యను ఒక వాక్యంలో చెప్పించండి, అందులో "ఎందుకంటే" ఉండి తీరాలి. "ఊపిరితిత్తుల్లో గడ్డ అనుకుంటున్నాను, ఎందుకంటే ఆపరేషన్ తరవాత ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ శుభ్రంగా ఉన్నా సాచురేషన్ తక్కువ, ఒక పిక్క వాపు. ఈసీజీలో గుండెపోటు కనిపిస్తే మార్చుకుంటాను." ఆ చివరి ముక్క లేకపోతే వెనక్కి పంపండి.

లక్ష్యం "ఆయాసం తగ్గాలి" అని కాదు, "పావుగంటలో సాచురేషన్ 94 దాటాలి, బీపీ ఇంకా పడకూడదు" అని ఉండాలి. దీర్ఘకాలంగా సీఓపీడీ ఉన్న పేషెంటయితే లక్ష్యం 88 నుంచి 92 అని ఒక మాట చెప్పి ముందుకు పోండి.

తరవాత ఫోన్ కాల్ నిజంగానే చేయించండి. ఒక స్టూడెంట్ డ్యూటీ డాక్టరుగా కూర్చోవాలి. "సర్, ఏడో బెడ్ పేషెంటుకు ఆయాసంగా ఉంది" అంటే "వస్తున్నా" అని పెట్టేస్తారు. ఇలా చెప్పించండి: "సర్, ఫిమేల్ ఆర్థో వార్డ్ నుంచి. కుడి తుంటి ఆపరేషన్ ఐదో రోజు. పది నిమిషాల క్రితం ఉన్నట్టుండి ఆయాసం. సాచురేషన్ 88, శ్వాస 30, బీపీ పొద్దున 146, ఇప్పుడు 104. ఎడమ పిక్క వాచింది. చార్టులో రెండు రోజుల ఎనాక్సపారిన్ నమోదు లేదు. ఎంబాలిజం అనుమానం. ఆక్సిజన్ పెట్టాం, ఈసీజీ తీస్తున్నాం. వెంటనే వచ్చి చూడాలి సర్."

డాక్టరు వచ్చేలోపు సిరలో లైన్ ఉందో లేదో చూడడం, పేషెంటును నడవనివ్వకపోవడం నర్సు పని. ఇంకోటి కూడా ఉంది. కాలు వాచిందంటే మన ఇళ్లలో నూనో బామో రాసి పిక్క నొక్కుతారు. అటెండెంట్ చేయి అప్పటికే ఆ కాలి మీద ఉండొచ్చు. "అమ్మా, కాలు నొక్కకండి, గడ్డ కదిలితే ప్రమాదం" అని మెల్లగా చెప్పి చేయి తీయించాలి.

గడ్డను కరిగించే మందు ఇవ్వాలా, పలచబరిచే మందు చాలా అన్నది డాక్టర్లు తేలుస్తారు. ఆపరేషన్ అయి ఐదు రోజులే కాబట్టి రక్తస్రావం భయం చాలా పెద్దది. డీ-డైమర్ చేయిద్దామని స్టూడెంట్లు అంటారు. ఆపరేషన్ తరవాత అది ఎలాగూ ఎక్కువే ఉంటుంది, ఇక్కడ ఏమీ తేల్చదు. సీటీ యాంజియోగ్రామ్ తేలుస్తుంది, కానీ బీపీ నిలబడితేనే స్కానింగ్‌కు తీసుకెళ్లగలం. లేకపోతే మంచం దగ్గరే ఎకో చేస్తారు.

ఫలితం, వెనుచూపు

పావుగంట తరవాతి కార్డు: సాచురేషన్ 94, శ్వాస 26, బీపీ 108/70. "బాగుపడింది" అని రాసినవాళ్లను బీపీ మళ్లీ చదవమనండి. సాచురేషన్ పెరిగింది ఆక్సిజన్ వల్ల, గడ్డ అక్కడే ఉంది.

వెనుచూపుకు కాగితాలు బయటికి తీయించండి. ఎవరు ఏ కార్డును ఎప్పుడు అడగాలనుకున్నారు, మీరు ఎప్పుడు అడిగారు అన్నది పక్కపక్కన పెట్టి చూడండి. కాళ్లు చూడాలని ఎవరికీ తోచలేదంటే, వచ్చే క్లాసు అక్కడ మొదలుపెట్టాలి. మీరే ఒక కార్డు ఆలస్యంగా అడిగి ఉంటే అదీ చెప్పండి.

మరుసటి రోజు స్టూడెంట్ల చేత పైకి ఆలోచింపజేయండి. అదే ఆవిడ, అదే ఐదో రోజు, అదే ఆయాసం. కార్డులు మాత్రం కొన్ని మార్చండి: బీపీ 190/110, రెండు వైపులా కింది భాగంలో చప్పుళ్లు, రాత్రంతా సెలైన్ ఎక్కింది, పిక్కలు రెండూ సమానం. ఇప్పుడు కూడా "ఎంబాలిజం" అన్నవాళ్లు నిన్న జవాబు నేర్చుకున్నారు. వాళ్లకు జవాబు చెప్పకండి. ఛాతీ కార్డు మళ్లీ చేతికిచ్చి, గట్టిగా చదవమనండి.