పోషకాల పట్టిక ఫొటోను అరబిక్‌లోకి మార్చినప్పుడు అంకెలు తప్పాయా?

అమెరికా ప్యాకెట్ల వెనక ఉండే పోషకాల పట్టికను అరబిక్‌లోకి మార్చేటప్పుడు మాటల కంటే అంకెలే ఎక్కువ దెబ్బతింటాయి. ఏ అంకె తప్పిందో తేల్చే ఆధారం మాత్రం ఆ పట్టికలోనే ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నమూనా లేబుల్‌నే తీసుకుందాం: ప్యాకెట్‌లో 8 సర్వింగులు, ఒక్కో సర్వింగు `2/3` కప్పు, అంటే 55 గ్రాములు.

సమస్య: మొత్తం కొవ్వు `89` అని వచ్చింది

ఫొటోలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ `8g`లోని `g`ని 9 అనుకుంది. ఫొటో కాస్త మసకగా ఉంటే ఇది మామూలే. పక్కనున్న శాతంతో సరిచూడండి. కొవ్వుకు రోజువారీ విలువ, అంటే నూరు శాతంగా లెక్కించే పరిమాణం, 78 గ్రాములు. 8ని 78తో భాగిస్తే సుమారు 10 శాతం, లేబుల్ మీదా 10 శాతమే ఉంది. అదే 89 గ్రాములైతే 114 శాతం ఉండాలి. కాబట్టి `8g` సరైనది.

సమస్య: శాతాలు పక్క వరుసలోకి జారాయి

సాఫ్ట్‌వేర్ శాతాల నిలువు వరుసను విడిగా చదివింది. ట్రాన్స్ ఫ్యాట్‌కు శాతం ఉండదు. ఆ ఖాళీ గడి మాయమవడంతో కింది శాతాలన్నీ ఒక మెట్టు పైకొచ్చాయి. అప్పుడు 160 మిల్లీగ్రాముల సోడియం పక్కన కార్బోహైడ్రేట్ల 13 శాతం కనిపిస్తుంది. సోడియం రోజువారీ విలువ 2300 మిల్లీగ్రాములు కాబట్టి రావాల్సింది 7 శాతం. అనువాదం మొదలుపెట్టకముందే ట్రాన్స్ ఫ్యాట్, మొత్తం చక్కెరలు, ప్రోటీన్ వరుసల్లో ఖాళీ గడులు పెట్టేయండి. అరబిక్ చేశాక వెతుక్కోవడం చాలా కష్టం.

సమస్య: `2/3` కప్పు కాస్తా `3/2` అయింది

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. ముప్పావు కన్నా తక్కువ ఉన్న కొలత ఒకటిన్నర కప్పు అయిపోతుంది, చూడ్డానికేమో తప్పులా అనిపించదు. గీతకు అటూ ఇటూ ఖాళీ చేరితే, కుడి నుంచి ఎడమకు సాగే వాక్యంలో రెండు అంకెలూ విడివిడిగా అమరి తారుమారవుతాయి. ఖాళీలు తీసేయండి. వెబ్ పేజీ అయితే ఇలా రాస్తే ఇంకా భద్రం:

```html
<bdi dir="ltr">2/3</bdi>
```

సర్వింగు పరిమాణానికి `حجم الحصة`, సర్వింగుల సంఖ్యకు `عدد الحصص في العبوة` వాడండి. ఈ రెండిటి అంకెలూ కలిసిపోయాయని అనుమానమొస్తే 8ని 55తో గుణించండి. 440 గ్రాములు వస్తుంది. ప్యాకెట్ నికర బరువు దానికి దగ్గరగా ఉండాలి.

`<1g` లాంటి చోట కూడా గుర్తు తిరగబడి కనిపిస్తుంది. గుర్తు మానేసి `أقل من` అని అక్షరాల్లో రాయండి.

సమస్య: పట్టిక మళ్లీ ఎడమ నుంచే మొదలవుతోంది

నిలువు వరుసలను చేత్తో తిప్పి, పైగా `dir="rtl"` కూడా పెడితే రెండుసార్లు తిరిగి మొదటికొస్తుంది. వరుసలను ఉన్నట్టే ఉంచి, `table`కు `dir="rtl"` ఒక్కటే పెట్టండి. పోషకం పేరు కుడి అంచున, శాతం ఎడమ అంచున వస్తాయి.