పేటెంట్ ఫొటో నుంచి సారాంశం దాకా – 3వ పాఠం: ఏ క్లెయిమ్ దేని మీద నిలబడింది?

పోయిన రెండు పాఠాల్లో పేటెంట్ పేజీలను ఫొటో తీయడం, అందులోని అక్షరాలను టైపు రూపంలోకి తెచ్చుకోవడం చూశాం. ఇప్పుడు ఆ పాఠ్యాన్ని సారాంశంగా మార్చుకుందాం. నమూనాకు బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచే మిషన్‌ను తీసుకున్నాను. అనంతపురం చుట్టుపక్కల ఆ మిషన్ చూడనివాళ్లు ఉండరు కాబట్టి మనసంతా క్లెయిమ్‌ల మీదే, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే సంఖ్యలు వేసిన వాక్యాల మీదే, పెట్టొచ్చు. క్లెయిమ్‌లు అభ్యాసం కోసం నేనే రాశాను, ఇది నిజమైన పేటెంట్ కాదు.

మొదటి పేజీ పని తొందరగా అయిపోతుంది. ప్రతి వివరం పక్కన బ్రాకెట్లో రెండంకెల సంఖ్య ఉంటుంది. ఏ దేశం పేటెంట్ అయినా ఆ సంఖ్యల అర్థం ఒకటే: 54 పక్కన ఆవిష్కరణ పేరు, 72 పక్కన ఆవిష్కర్త, 71 పక్కన దరఖాస్తుదారు, 22 పక్కన దాఖలు చేసిన తేదీ, 51 పక్కన అంతర్జాతీయ వర్గీకరణ, 57 పక్కన సంక్షిప్త వివరణ. కాగితం జపాన్ భాషలో ఉన్నా ఈ సంఖ్యలు పట్టుకుని ఏది ఎక్కడుందో చెప్పేయొచ్చు. వేరుశనగ ఒలిచే యంత్రాల వర్గం A23N 5/01. ఫొటో నుంచి వచ్చిన పాఠ్యంలో అందులోని సున్నా అక్షరం O గా మారిపోయిందేమో ఒకసారి చూసుకోండి.

ఈ పేజీలో తప్పకుండా రాసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పత్రం నంబరు చివర A1 లాంటిది ఉంటే అది సాధారణంగా ప్రచురించిన దరఖాస్తు, B1 గానీ B2 గానీ ఉంటే మంజూరైన పేటెంట్. దరఖాస్తులోని క్లెయిమ్‌లు పేటెంట్ ఆఫీసు పరీక్షలో మారిపోవచ్చు, కుదించుకుపోవచ్చు. అందుకే సారాంశం పైవరుసలోనే "ఇవి దరఖాస్తు దశ క్లెయిమ్‌లు" అనో "మంజూరైన క్లెయిమ్‌లు" అనో రాయండి. 57 దగ్గరి సంక్షిప్త వివరణ చదవడానికి హాయిగా ఉంటుంది, కొత్తవాళ్లు దాన్నే తిరగరాసి సారాంశం అనుకుంటారు. కానీ హక్కు హద్దులు గీసేది క్లెయిమ్‌లే. అందుకే సారాంశాన్ని క్లెయిమ్‌ల నుంచే రాయాలి.

మన నమూనా క్లెయిమ్‌లు ఫొటో నుంచి ఇలా వచ్చాయనుకోండి. తెలుగులో పెడుతున్నాను, ఇందులో మర అంటే స్క్రూ.

1. వేరుశనగ కాయలు ఒలిచే యంత్రం. ఇందులో ఉండేవి: ఒక తొట్టి (10), తొట్టి కింద వంపు తిరిగిన ఒక జల్లెడ (14), జల్లెడ పైన తిరుగుతూ రబ్బరు పట్టీలున్న ఒక ఇరుసు (12), పొట్టును ఎగరగొట్టే ఒక ఫ్యాను (20).
2. క్లెయిమ్ 1 ప్రకారం యంత్రం, ఇందులో పట్టీలకూ జల్లెడకూ మధ్య సందును సవరించుకోవచ్చు.
3. క్లెయిమ్ 2 ప్రకారం యంత్రం, ఇందులో ఆ సందును ఒక మర (18) సవరిస్తుంది.
4. క్లెయిమ్ 8 ప్రకారం యంత్రం, ఇందులో ఆ మరకు తొట్టి బయట ఒక పిడి ఉంది.
5. క్లెయిమ్ 1 ప్రకారం యంత్రం, ఇందులో ఆ జల్లెడను ఊడదీసి మార్చుకోవచ్చు.
6. క్లెయిమ్ 1 ప్రకారం యంత్రంతో కాయలు ఒలిచే పద్ధతి, ఇందులో కాయలపై ముందుగా నీళ్లు చిలకరిస్తారు.

ముందు లెక్క సరిచూడాలి. అసలు ఇంగ్లీషు పాఠంలో ఎంత పొడుగు క్లెయిమ్ అయినా ఒకే వాక్యం, చివర ఒకే ఫుల్‌స్టాప్. వాక్యం చివరి ఫుల్‌స్టాప్‌లు లెక్కపెడితే ఎన్ని క్లెయిమ్‌లో తేలిపోతుంది. అమెరికా పేటెంట్లలో పేజీ రెండు కాలమ్‌లుగా ఉండి, మధ్యలో 5, 10, 15 అంటూ వరుసల సంఖ్యలు వేస్తారు. ఫొటో నుంచి తీసిన పాఠ్యంలో ఆ 5 వచ్చి వాక్యం మధ్యలో కూర్చుంటుంది, చూడగానే ఐదో క్లెయిమ్ మొదలైనట్టు అనిపిస్తుంది. ముందు క్లెయిమ్‌కు ఫుల్‌స్టాప్ పడకుండా కొత్త సంఖ్య వచ్చిందంటే అది క్లెయిమ్ సంఖ్య కాదు. బ్రాకెట్లోని 10, 12, 14 లు బొమ్మలోని భాగాల గుర్తులు. వాటిని సారాంశంలో ఉంచండి, బొమ్మతో పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఇప్పుడు నాలుగో క్లెయిమ్ చూడండి. క్లెయిమ్ 8 మీద ఆధారపడిందట. ఇలా మరో క్లెయిమ్ మీద నిలబడేది ఆధారిత క్లెయిమ్, అది ఎప్పుడూ తనకంటే ముందున్నదాన్నే చూపిస్తుంది, పైగా ఇక్కడ ఎనిమిదోది లేనే లేదు. కాబట్టి ఆ అంకె తప్పుగా వచ్చింది. అసలు అంకె ఏమిటో ఊహించాల్సిన పని లేదు, క్లెయిమే చెబుతుంది. "ఆ మర" అన్నారు. ఇంగ్లీషులో ఒక భాగాన్ని మొదటిసారి చెప్పేటప్పుడు 'ఎ' పెడతారు, రెండోసారి నుంచి 'ది' గానీ 'సెడ్' గానీ వస్తుంది. "ఆ మర" అనాలంటే అంతకుముందు, తను ఆధారపడిన వరుసలో, "ఒక మర" వచ్చి ఉండాలి. అది వచ్చింది మూడో క్లెయిమ్‌లోనే. ఫొటోలో 3 మసకబారి 8 అయింది. అసలు పేజీకి వెళ్లి ఆ అంకెను పెద్దది చేసి చూడండి, అప్పుడే దిద్దండి.

ఇదే తప్పు దొంగచాటుగా కూడా వస్తుంది. 3 బదులు 1 అని వచ్చి ఉంటే అది ముందున్న క్లెయిమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు "ఆ మర" ఒక్కటే మనల్ని కాపాడుతుంది, ఎందుకంటే ఒకటో క్లెయిమ్‌లో మర లేదు. అందుకే ప్రతి ఆధారిత క్లెయిమ్‌లో 'ది' పెట్టిన భాగాన్ని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే చాలా తప్పులు ముందే దొరికిపోతాయి.

ఆరోది కాస్త చిక్కు. క్లెయిమ్ 1 పేరు ఎత్తింది కాబట్టి ఆధారితం అనిపిస్తుంది. కానీ ఒకటోది యంత్రం, ఇది పద్ధతి. రకమే మారిపోయింది. దీన్ని నేను స్వతంత్ర క్లెయిమ్‌గా వేరే పెట్టి, "1వ యంత్రాన్ని వాడుతుంది" అని పక్కన రాస్తాను. "క్లెయిమ్" అనే మాట వెతికి, కనిపించినవన్నీ ఆధారితాలని పక్కన పెట్టేస్తే ఇలాంటిది జారిపోతుంది.

సారాంశంలో ఏ క్లెయిమ్ దేని కింద వస్తుందో చూపే చెట్టు ఇలా వస్తుంది:

```
1 స్వతంత్రం (యంత్రం): తొట్టి + వంపు జల్లెడ + పట్టీల ఇరుసు + ఫ్యాను
  2 సందు సవరణ
    3 సవరణకు మర
      4 మరకు బయట పిడి
  5 జల్లెడ మార్పిడి
6 స్వతంత్రం (పద్ధతి): 1 వాడుక + నీళ్లు చిలకరించడం
```

ఆధారిత క్లెయిమ్ పక్కన కొత్తగా చేరిన సంగతి మాత్రమే రాశాం, పైనున్నవన్నీ దానిలో ఉన్నట్టే లెక్క. స్వతంత్ర క్లెయిమ్‌ను మాత్రం కుదించకూడదు, ఒక్క భాగం వదిలినా అర్థం మారిపోతుంది. భాగాల జాబితాకు ముందు 'కంప్రైజింగ్' అని ఉంటే ఇవి కాక ఇంకేమున్నా ఫరవాలేదని అర్థం, 'కన్సిస్టింగ్ ఆఫ్' ఉంటే ఇవి తప్ప మరేవీ ఉండకూడదని. ఏది వాడారో సారాంశంలో అలాగే రాయండి.

ఈ చెట్టు ఎందుకు పనికొస్తుందో మా ఊళ్లో వెల్డింగ్ షాపు నడిపే ఒకాయనతో మాట్లాడినప్పుడు చూశాను. ఇదే నమూనా చూపిస్తే, "అన్నా, మా మిషన్‌లో గూడా మర ఉండాది గదా, మేం మూడో దాంట్లో పడినట్టేనా?" అని అడిగాడు. ఆయన మిషన్‌లో ఫ్యాను లేదు, పొట్టు చేత్తో చెరుగుతారు. మూడోదానిలో పడాలంటే ఒకటీ రెండూ చెప్పినవన్నీ ఉండాలి. ఫ్యాను లేనప్పుడు, మాటలవరకు చూస్తే, ఒకటిలోనే పడదు, కాబట్టి మూడులోనూ పడదు. చెట్టులో వేలు పెట్టి పైకి వెళ్తే ఆయనకే అర్థమైంది. నిజమైన పేటెంట్ విషయంలో అయితే ఈ మాట పేటెంట్ ఏజెంటు చెప్పాలి. మాటకు మాట సరిపోకపోయినా, ఫ్యాను చేసే పనినే మరో భాగం చేస్తుంటే వివాదం రావచ్చు.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. పైనున్న ఐదో క్లెయిమ్‌ను "క్లెయిమ్ 1 నుంచి 4 వరకు ఏదో ఒకదాని ప్రకారం" అని మార్చి, చెట్టులో దాన్ని ఎక్కడ పెడతారో గీసి ఉంచుకోండి.