హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు చదవడం – 4వ పాఠం: పదికి ఐదు, కానీ ఏ వైపు?

గత పాఠంలో ఒక్కో పేరును విడదీసి చూశాం. నక్షత్రం గుర్తు తర్వాతి అంకెలు గుంపును, కోలన్ తర్వాతివి ఆ గుంపులోని ఫలానా ప్రొటీన్‌ను చెబుతాయి. ఈసారి ఇద్దరి రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుందాం. ఐదు జన్యువులకు రెండేసి చొప్పున ఉండే పది పేర్లలో ఎన్ని కలిశాయో లెక్కపెట్టడం పెద్ద పనేం కాదు. కలవనివి ఎవరి కణాలకు పరాయివిగా కనిపిస్తాయో చెప్పడం దగ్గరే చాలామంది తడబడతారు.

ముందు ఒక్క విషయం. మూలుగ మార్పిడిలో దాత నుంచి మూలకణాలతో పాటు టి కణాలు కూడా రోగి ఒంట్లోకి వస్తాయి. మన కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లను చూసే టి కణాలు సొంతమా, పరాయా తేల్చుకుంటాయి. రోగిలో మిగిలిన టి కణాలు దాత కణాలను పరాయివనుకుంటే కొత్త మూలుగ నిలవదు. అది తిరస్కరణ. దాత టి కణాలు రోగి ఒంటినే పరాయిదనుకుంటే అది గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్, డాక్టర్లు జీవీహెచ్‌డీ అంటారు. కిడ్నీ మార్పిడిలో మొదటిదే ప్రధానమైన బెంగ. మూలుగ మార్పిడిలో ఇచ్చేదే రోగనిరోధక వ్యవస్థ కాబట్టి రెండో వైపు కూడా చూడాలి.

ఇక ఉదాహరణ. గాజువాకలో ఒక కుటుంబం అనుకోండి. అమ్మానాన్నలది మేనరికం. ముగ్గురు పిల్లలు: అక్క, మధ్యవాడు, తమ్ముడు. మధ్యవాడికి పదహారేళ్లు, తీవ్రమైన అప్లాస్టిక్ అనీమియా, అంటే మూలుగ రక్తకణాలను తగినన్ని తయారుచేయలేని జబ్బు. అందరికీ టైపింగ్ చేయించారు.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే అవి సాధారణంగా విడిపోకుండా ఒక జట్టుగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఆ జట్టును హాప్లోటైప్ అంటారు. రిపోర్టు చేతికి రాగానే అంకెలు పోల్చకండి. ముందు జట్లు విడదీసి, వాటికి పేర్లు పెట్టుకోండి. ఈ ఇంట్లో దొరికినవి మూడే:

```
క: A*24:02 B*40:06 C*15:02 DRB1*15:01 DQB1*06:01
ఖ: A*33:03 B*44:03 C*07:06 DRB1*07:01 DQB1*02:02
గ: A*01:01 B*37:01 C*06:02 DRB1*10:01 DQB1*05:01
```

```
నాన్న     క ఖ
అమ్మ     క గ
అక్క      క క
మధ్యవాడు  క గ   (రోగి)
తమ్ముడు   ఖ గ
```

మామూలుగా ఇద్దరు తల్లిదండ్రులకు కలిపి నాలుగు జట్లు ఉండాలి. ఇక్కడ మూడే ఉన్నాయంటే 'క' ఇద్దరికీ వచ్చింది. మేనత్త, మేనమామ పిల్లలైన దంపతులకు తాత నుంచో అమ్మమ్మ నుంచో ఒకే జట్టు వచ్చే అవకాశం సుమారు నాలుగింట ఒక వంతు. మన వైపు రిపోర్టుల్లో ఇది కనిపిస్తే తప్పుగా టైప్ చేశారని కంగారు పడక్కర్లేదు.

అక్క రిపోర్టులో ఒక చిక్కు ఉంది. ఆమెకు ప్రతి చోటా రెండు ప్రతులూ ఒకటే. కొన్ని ల్యాబులు అదే పేరును రెండుసార్లు రాస్తాయి, కొన్ని రెండో గడిలో గీత పెడతాయి. గీత ఉంటే రెండోది పరీక్షకు దొరకలేదేమో అన్న అనుమానం మిగులుతుంది. తేల్చుకోవాలంటే అమ్మానాన్నల రిపోర్టులు చూడాలి. ఇద్దరిలోనూ 'క' ఉంది కాబట్టి ఇక్కడ గీత అంటే అదే జట్టు రెండుసార్లు వచ్చిందనే.

ఇప్పుడు పోల్చుదాం. రోగి 'క గ'. అక్క, తమ్ముడు, నాన్న ముగ్గురికీ రోగితో ఒక జట్టు కలుస్తుంది, అంటే ముగ్గురూ పదికి ఐదు. మార్కు ఒకటే, కథ వేరు.

ప్రతి దాతకు రెండు ప్రశ్నలు వేయండి. రోగి దగ్గర ఉండి దాత దగ్గర లేనిది ఏమిటి? అది జీవీహెచ్‌డీ వైపు. దాత దగ్గర ఉండి రోగి దగ్గర లేనిది ఏమిటి? అది తిరస్కరణ వైపు.

తమ్ముడు 'ఖ గ'. రోగిలోని 'క' అతని దగ్గర లేదు. అతనిలోని 'ఖ' రోగి దగ్గర లేదు. రెండు వైపులా తేడా ఉంది. నాన్న విషయమూ అంతే. అక్క 'క క'. ఆమె దగ్గర రోగికి పరాయిదేదీ లేదు కాబట్టి తిరస్కరణ వైపు హెచ్‌ఎల్‌ఏ తేడా సున్నా. కానీ రోగిలోని 'గ' అంతా ఆమె టి కణాలకు కొత్తే. జీవీహెచ్‌డీ వైపు ఐదు తేడాలూ ఉన్నాయి. పైగా అడ్డుకునేవాళ్లు లేరు.

అందుకే మార్పిడి మాట పక్కన పెట్టినా, ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి పిల్లలకు రక్తం తరచుగా ఎక్కించాలి. "అక్కది కూడా అదే గ్రూపు, ఆమే ఇస్తుంది" అని ఇంట్లోవాళ్లు ముందుకొస్తారు. అక్క రక్తానికి రేడియేషన్ ఇవ్వకపోతే అందులో సజీవమైన టి కణాలు ఉంటాయి. మధ్యవాడి శరీరం వాటిని సొంతవే అనుకుని వదిలేస్తుంది, అవి మాత్రం అతని ఒంటి మీద పడతాయి. రక్తం ఎక్కించాక ఒకటి రెండు వారాల్లో జ్వరం, దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు, ఆ వెంటనే రక్తకణాలు పడిపోవడం కనిపిస్తాయి. ఇది దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. మూలుగ మార్పిడి తర్వాత వచ్చే జీవీహెచ్‌డీలో మూలుగ దాతది కాబట్టి దాని మీద నేరుగా దాడి ఉండదు. ఇక్కడ మూలుగ రోగిదే, దాన్నీ వదలవు. రక్తాన్ని ముందుగా 25 గ్రేల రేడియేషన్‌కు గురిచేస్తే టి కణాలు పెరగలేవు. తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్ ఒక్కటే దీనికి చాలదు. దాత కాగల బంధువుల రక్తం మార్పిడికి ముందు అసలు ఎక్కించకపోవడమే మంచిది. రేడియేషన్ ఇచ్చినా, ఆ రక్తం వల్ల రోగి శరీరం ఆ బంధువు కణాలను తిరస్కరించడం ముందే నేర్చుకోవచ్చు.

ఇక అమ్మ. ఆమెదీ 'క గ'యే. పదికి పది, రెండు వైపులా తేడా సున్నా. తోబుట్టువులే సరిపోవాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్కో తోబుట్టువుకు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. తల్లిదండ్రులు సాధారణంగా సగమే కలుస్తారు. ఈ ఇంట్లో మేనరికం వల్ల తల్లే పూర్తి మ్యాచ్ అయింది. తోబుట్టువులకే పరీక్ష చేసి ఊరుకుంటే ఆమె సంగతి తెలిసేదే కాదు.

పదికి పది అంటే జీవీహెచ్‌డీ రాదని కాదు. హెచ్‌ఎల్‌ఏ కాక, ఇద్దరి మధ్య తేడా ఉండే చిన్న ప్రొటీన్లు బోలెడు. మధ్యవాడిలో వై క్రోమోజోమ్ తయారుచేసే ప్రొటీన్లు అమ్మలో లేవు. ఇద్దరు మగపిల్లలను మోసినప్పుడు ఆమె టి కణాలు వాటిని ముందే ఎరిగి ఉండవచ్చు. స్త్రీ దాత, పురుష రోగి అయితే జీవీహెచ్‌డీ ముప్పు కొంత ఎక్కువ. అయినా ఈ ముగ్గురు సగం మ్యాచ్‌ల కన్నా అమ్మే మెరుగు. సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులు పూర్తి మ్యాచ్ ఉన్నా ఇచ్చేది ఇందుకే. ఈ జబ్బులో రక్తం నుంచి తీసిన మూలకణాల కన్నా ఎముక నుంచి తీసిన మూలుగనే డాక్టర్లు ఇష్టపడతారు, దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ దానితో తక్కువ. లుకేమియాలో కొంచెం జీవీహెచ్‌డీ క్యాన్సర్ కణాలనూ చంపి మేలు చేయవచ్చు. ఇక్కడ చంపాల్సిన క్యాన్సర్ లేదు కాబట్టి ఆ లాభం కూడా లేదు.

మార్పిడి తర్వాత తొలి నెలల్లో ఇంట్లోవాళ్లు చూడాల్సినవి మూడు చోట్ల ఉంటాయి. అరచేతులు, అరికాళ్లు, చెవుల దగ్గర మొదలయ్యే ఎర్రటి దద్దుర్లు. రక్తపరీక్షలో 2 మిల్లీగ్రాములు దాటిన బిలిరుబిన్. రోజుకు అర లీటరు మించిన నీళ్ల విరేచనాలు. విశాఖ ఉక్కపోతలో చెమటకాయలని మొదటిదాన్ని, హోటల్ తిండి పడలేదని మూడోదాన్ని తీసిపారేయడం సులువు. అదే రోజు ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌కు ఫోన్ చేయాలి. మందుల వల్లో ఇన్ఫెక్షన్ వల్లో కూడా ఇవి రావచ్చు, తేల్చడానికి ఒక్కోసారి చర్మం లేదా పేగు ముక్క తీసి పరీక్షిస్తారు.

అభ్యాసం: ఇదే ఇంట్లో జబ్బు తమ్ముడికి వచ్చిందనుకోండి. మిగతా నలుగురికీ పదికి ఎన్ని వస్తాయి? సున్నా ఎవరికి? అలాగే రోగి అక్క అయి దాత అమ్మ అయితే తేడా ఏ వైపు ఉంటుంది? సమాధానాలు 5వ పాఠంలో. సగం మ్యాచ్‌తో చేసే మార్పిడిలో మూడో, నాలుగో రోజున ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ ఎలా పనిచేస్తుందో కూడా అక్కడే చూద్దాం.