హిడెన్ టెస్టులు పోతే ప్రొఫెసర్‌కి ఏమని రాయాలి

అమెరికాకి ఎమ్మెస్ చేయడానికి వచ్చాక మొదటి సెమిస్టర్‌లోనే ఈ టెన్షన్ మొదలవుతుంది. మన లాప్‌టాప్‌లో కోడ్ చక్కగా నడుస్తుంది. ఆటోగ్రేడర్‌లో పెట్టగానే హిడెన్ టెస్టుల్లో మూడు పోయాయని ఎర్రగా చూపిస్తుంది. ఏ ఇన్‌పుట్ ఇచ్చారో మాత్రం చెప్పదు. నేను రాత్రి పదకొండింటికి "రెస్పెక్టెడ్ సర్, కోడ్ పనిచేయడం లేదు, దయచేసి చూడండి" అని రాసి, ఫైలంతా జతచేసి పంపాను. "ఏమేం ప్రయత్నించావు?" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది.

నిజానికి నేనేమీ ప్రయత్నించలేదు, అదే కోడ్‌ని నాలుగుసార్లు సబ్మిట్ చేశానంతే. లిస్టులో పక్కపక్కనే ఒకే అంకె ఎన్నిచోట్ల వచ్చిందో జావాలో లెక్కపెట్టాలి. పక్కపక్క అంకెలను నేను `==` తో పోల్చాను. అప్పటిదాకా ఇచ్చి చూసిన అంకెలన్నీ 5, 7, 12 లాంటివి. జవాబులో రాయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని పెద్ద అంకెలు ఇచ్చి చూశాను.

```java
List<Integer> a = List.of(127, 127, 128, 128);
System.out.println(a.get(0) == a.get(1)); // true
System.out.println(a.get(2) == a.get(3)); // false
```

లిస్టులో ఉండేవి ఉత్త అంకెలు కావు, `Integer` ఆబ్జెక్టులు. -128 నుంచి 127 వరకు ఉన్నవాటిని జావా ముందే తయారుచేసి పెట్టుకుని, ఎన్నిసార్లు అడిగినా అదే ఆబ్జెక్టుని ఇస్తుంది. ఆ పైన మామూలుగా ఎప్పటికప్పుడు కొత్తది చేస్తుంది. `==` విలువను చూడదు, రెండూ ఒకే ఆబ్జెక్టా కాదా అని చూస్తుంది. అందుకే చిన్న అంకెలతో నా తప్పు బయటపడలేదు. దాని బదులు విలువలనే పోల్చే `equals` పెట్టాక రెండు టెస్టులు పాసయ్యాయి, ఒకటి మిగిలింది.

అప్పుడు రాసిన మెయిల్ (ఇంగ్లీషులోనే రాశాను లెండి) సారాంశం ఇది:

"ప్రొఫెసర్ గారూ, అసైన్‌మెంట్ 3, రెండో ప్రశ్న, నా ఆరో సబ్మిషన్ గురించి రాస్తున్నాను. మొదట మూడు హిడెన్ టెస్టులు పోయాయి. 127 దాటిన విలువలను `==` తో పోల్చడం వల్ల రెండు పోయాయని తెలిసి `equals` కి మార్చాను. ఖాళీ లిస్టు, ఒకే అంకె ఉన్న లిస్టు, నెగటివ్ అంకెలు ఇచ్చి చూశాను, జవాబులు సరిగానే వస్తున్నాయి. లిస్టు బదులు `null` ఇస్తే మాత్రం ప్రోగ్రాం ఆగిపోతోంది. అప్పుడు 0 ఇవ్వాలా, ఎక్సెప్షన్ వేయాలా అన్నది ప్రశ్నపత్రంలో నాకు కనిపించలేదు. ఏది చేయమంటారు?"

ఇక్కడ "రెస్పెక్టెడ్ సర్" అనరు, ప్రొఫెసర్ అని ఇంటిపేరు చేర్చి పిలిస్తే చాలు. సబ్మిషన్ నంబరు ఇస్తే కోడ్ వాళ్లకే కనిపిస్తుంది, మళ్లీ జతచేయక్కర్లేదు. హిడెన్ టెస్టు ఇన్‌పుట్ చెప్పమని అడగకండి, చెప్పరు. "మా ఫ్రెండ్ కోడ్ పాసైంది, దాంతో పోల్చి చూశాను" అని మాత్రం పొరపాటున కూడా రాసే పని పెట్టుకోకండి. చాలా కోర్సుల్లో ఇంకొకరి కోడ్ చూడటమే కాపీ కింద లెక్క.

పొద్దున్నే జవాబు వచ్చింది: "0 ఇవ్వు. ప్రశ్నలో ఆ మాట రాయలేదు, ఇవాళ చేరుస్తాను."